నీ ఫోన్ కోసం చూశాను

ఉద్యోగం పోయినవాళ్లతో కాసేపు కూర్చుని మాట్లాడితే ఒక సంగతి బయటపడుతుంది. కంపెనీ మీద కోపం కొన్నాళ్లకు చల్లారుతుంది. గదిలోకి పిలిచి ఆ కబురు చెప్పిన హెచ్‌ఆర్ మనిషి ముఖం కూడా మరపున పడుతుంది. ఒక్క ఫోనైనా చెయ్యని స్నేహితుడు మాత్రం మనసులోంచి పోడు. కొత్త ఉద్యోగం వచ్చి, జీతం మళ్లీ మొదలై, ఇంటి లోను వాయిదాలు గాడిన పడ్డాక కూడా అతని సంగతి తలుచుకుంటూనే ఉంటారు. "ఎవరెవరో అడిగారండీ. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా అడిగాడు. వాడొక్కడే అడగలేదు" అని ఒకాయన నాతో అన్నప్పుడు, ఆయన గొంతులో కోపం కన్నా "ఎందుకు అడగలేదు" అన్న అయోమయమే ఎక్కువగా వినిపించింది.

ఆ మాట ఆ స్నేహితుడితోనే అనాలా? అంటే ఎలా అనాలి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అనాలి. సూటిగా, ఒక్కసారి, అతనొక్కడితోనే అనాలి.

మనం సాధారణంగా అలా అనం. పెళ్లిలోనో ఫంక్షన్‌లోనో ఎదురుపడగానే "పెద్దవాళ్లయిపోయారు, మేమెక్కడ గుర్తుంటాం లెండి" అని దెప్పుతాం. అవతలివాడు మొహం చిన్నబుచ్చుకుని, వెంటనే నవ్వేసి, "అదేం లేదురా, కాస్త బిజీ" అంటాడు. దెబ్బ తగిలింది, కానీ దేనికి తగిలిందో అతనికి తెలియలేదు. లేకపోతే ఉమ్మడి స్నేహితుడి దగ్గర చెప్పుకుంటాం. "కష్టంలో ఉంటే ఒక్కసారైనా పలకరించాడా?" అని మనం అన్న మాట రెండు నోళ్లు మారేసరికి "నువ్వు డబ్బు సర్దలేదని బాధపడుతున్నాడట" అయి కూర్చుంటుంది. ఈ రెండూ చెయ్యని నెమ్మదస్తులు మెల్లగా తప్పుకుంటారు. అతని గృహప్రవేశానికి వెళ్లరు, అతని పిల్లాడి పుట్టినరోజుకు ఫోన్ చెయ్యరు. ఏనాడూ పోట్లాడుకోకుండానే ఇరవై ఏళ్ల స్నేహం ముగిసిపోతుంది. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ముగింపు, ఎందుకంటే రెండో మనిషికి తన తప్పేమిటో తెలుసుకునే అవకాశమే రాదు.

అతను ఎందుకు మాట్లాడలేదో కాస్త ఆలోచిస్తే, చెప్పే మాట తీరు మారుతుంది.

మనిషి పోయిన ఇంటికి ఎలా వెళ్లాలో మన ఊళ్లలో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. కబురు అందగానే బయల్దేరాలి. వీలు కాకపోతే పెద్దకర్మ లోపు వెళ్లాలి. ఏమీ మాట్లాడకపోయినా కాసేపు కూర్చోవాలి. లేచేటప్పుడు "వెళ్లొస్తాం" అనకూడదు. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కూడా ఆ రోజు ఆ గడప తొక్కుతారు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడ్డానికి వెళ్తే పళ్లో కొబ్బరిబోండాలో పట్టుకెళ్తాం. ఉద్యోగం పోయినవాణ్ణి పరామర్శించడానికి మాత్రం మనకు ఇలాంటి పద్ధతేదీ లేదు. ఇంటికి వెళ్లాలా? వెళ్తే వాళ్ల అమ్మానాన్నలకు ఈ సంగతి తెలుసో లేదో? ఫోన్ చేస్తే గాయాన్ని కెలికినట్టవుతుందా? వరంగల్‌లో ఆజంజాహి మిల్లు మూతపడ్డప్పుడు కార్మికుల కుటుంబాలన్నిటికీ ఒకే కష్టం వచ్చింది. పక్కింటివాడికి చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు, పక్కింటివాడిదీ అదే కథ. ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక అంతస్తులో పదిమంది పేర్లు తీసేస్తే, ఆ పదిమందీ పది వేర్వేరు అపార్ట్‌మెంట్లకు వెళ్లి తలుపులేసుకుంటారు. వాళ్ల స్నేహితులకు ఏం చెయ్యాలో చెప్పే ఆచారం ఇంకా పుట్టలేదు.

షికాగో విశ్వవిద్యాలయంలో మనస్తత్వ పరిశోధన చేసే నికొలస్ ఎప్లీ, ఆయన సహచరులు 2022లో ప్రచురించిన అధ్యయనమొకటి ఇక్కడ పనికొస్తుంది. కష్టంలో ఉన్నవాళ్లను పలకరించబోయేవారు, ఆ పలకరింపు అవతలివారికి ఎంత ఊరటనిస్తుందో తక్కువగా అంచనా వేస్తారని, ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఎక్కువగా అంచనా వేస్తారని వాళ్లు తేల్చారు. కారణం కూడా చూపించారు. పలకరించేవాడు "నేను సరిగ్గా మాట్లాడగలనా" అని తన నేర్పును కొలుచుకుంటాడు. పలకరింపు అందుకున్నవాడు ఆ నేర్పును పెద్దగా పట్టించుకోడు, మాటలోని ఆప్యాయతనే చూస్తాడు. మీ స్నేహితుడు సరైన వాక్యం కోసం వెతుక్కుంటున్న రోజుల్లో మీరు "విన్నాన్రా" అన్న ఒక్క మాట కోసం ఎదురుచూశారు.

పైగా ఈ మౌనం రోజురోజుకూ బరువెక్కుతుంది. మొదటి వారం "ఏమనాలి" అన్న సందేహం ఒక్కటే ఉంటుంది. మూడో వారానికి "ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదని అడిగితే?" అన్న భయం దానికి తోడవుతుంది. రెండు నెలలు గడిచాక మీ ఉద్యోగం సంగతి వెనక్కి పోయి, తన ఆలస్యానికి సంజాయిషీ ఇవ్వడమే అతనికి పెద్ద పనైపోతుంది. అందుకే ఎదురుపడినప్పుడు ఏమీ జరగనట్టు ప్లాట్ల రేట్ల గురించి మాట్లాడతాడు.

ఇందులో మన వంతు కూడా ఒకటి ఉంటుంది. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మారియెన్‌తాల్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరంతా ఒక బట్టల ఫ్యాక్టరీ మీద బతికేది. 1929, 1930ల్లో ఫ్యాక్టరీ మూతపడి దాదాపు అందరికీ పని పోయింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హన్స్ జైసెల్ అనే పరిశోధకులు ఆ ఊరిని దగ్గరగా గమనించి 1933లో పుస్తకం వేశారు. పని లేదు కాబట్టి జనం దగ్గర బోలెడంత తీరిక ఉంది, లైబ్రరీ ఉంది, సంఘాలు ఉన్నాయి. అయినా లైబ్రరీ నుంచి తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. సంఘాలకు వెళ్లేవాళ్లు తగ్గారు. మగవాళ్లు వీధిలో నడిచే వేగం కూడా తగ్గిపోయిందని వాళ్లు లెక్కగట్టి మరీ చూపించారు. పని పోయిన మనిషి ముడుచుకుపోతాడు. వాట్సాప్ గ్రూపులో మాట్లాడడం మానేస్తాడు, డీపీ తీసేస్తాడు, ఫోన్ మోగినా ఎత్తడు. దూరం నుంచి చూసే స్నేహితుడికి అది "నన్ను కదిలించొద్దు" అన్నట్టు కనిపిస్తుంది. దీన్నిబట్టి అతని మౌనం సరైనదని నేను అనను. కానీ "నేనూ ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేను" అన్న నిజాన్ని మీ మాటలో కలిపితే అది ఫిర్యాదులా వినిపించదు.

ఇప్పుడు ఒక సందర్భాన్ని మొదటినుంచీ చివరిదాకా చూద్దాం. ఇద్దరూ కాకినాడలో ఇంజినీరింగ్ చదువుకునేటప్పుడు ఒకే గదిలో ఉన్నవాళ్లు, ఇద్దరూ హైదరాబాద్‌లో వేర్వేరు కంపెనీల్లో పనిచేస్తున్నవాళ్లు. ఒకాయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో లీడ్. ఒక జూన్ నెలలో అతన్ని ఇంటికి పంపేశారు. ఆ మధ్యాహ్నమే లాప్‌టాప్ తీసుకున్నారు, మెయిల్ ఆగిపోయింది. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోయింది, అందులో తల్లిదండ్రుల పేర్లూ ఉన్నాయి. రెండు రోజుల తర్వాత కాలేజీ బ్యాచ్ గ్రూపులో తనే ఆ సంగతి రాశాడు. కొందరు ధైర్యం చెప్పారు, ఇద్దరు ఫోన్ చేశారు. పాత రూమ్మేట్ ఆ మెసేజ్ చూసినట్టు మెసేజ్ సమాచారంలో కనిపిస్తూనే ఉంది. అతని నుంచి మాత్రం ఏమీ రాలేదు. దసరా వెళ్లాక నిజాంపేటలో మరో మిత్రుడి గృహప్రవేశంలో కలిసినప్పుడు "ఏరా, ఎలా ఉన్నావ్?" అని భుజం తట్టి, భోజనాల వైపు వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చిన ఆ రాత్రే ఫోన్ చేసి కడిగేద్దామని ఇతనికి అనిపించింది. చెయ్యలేదు. అది మంచి పని. దెబ్బ పచ్చిగా ఉన్నప్పుడు మాట్లాడితే జూన్ సంగతీ, భుజం తట్టిన సంగతీ, ఎప్పుడో కాలేజీలో జరిగినదీ కలిసిపోయి ఒకేసారి బయటికొస్తాయి. రెండు వారాలాగి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆదివారం పొద్దున ఓ గంట ఖాళీ చేసుకో. నీతో ఒక మాట చెప్పాలి. అప్పు కాదు, ఉద్యోగం సాయం కూడా కాదు." ఈ ఆఖరి వాక్యం చాలా విలువైనది. ఉద్యోగం లేనివాడు ఫోన్ చేశాడంటే అవతలివాడు ముందు ఊహించేది ఆ రెండే. ఆ భయం తీసేస్తేనే అతను చెవి పెట్టి వింటాడు.

కొండాపూర్ దగ్గర బొటానికల్ గార్డెన్‌లో నడుస్తూ మాట్లాడుకున్నారు. ఎదురెదురుగా కూర్చోవడం కన్నా పక్కపక్కన నడవడం ఇలాంటి మాటలకు అనువుగా ఉంటుంది. కళ్లలోకి చూడనక్కర్లేదు, మాట తడబడితే రెండడుగులు ఊరుకోవచ్చు. అతను అన్నది ఇంతే.

"జూన్‌లో నా ఉద్యోగం పోయినప్పుడు నీ ఫోన్ కోసం చూశాన్రా. గ్రూపులో నువ్వు చూశావని నాకు తెలుసు. ఇవాళ చేస్తావు, రేపు చేస్తావు అనుకున్నాను. చెయ్యలేదు. బాగా బాధేసింది. నువ్వు ఏదో చేసిపెట్టాలని కాదు, 'విన్నాన్రా' అంటే చాలనుకున్నాను. నేనూ అప్పుడు ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేను, అందుకే నీకు చెయ్యలేదు. ఇది మనసులో పెట్టుకుని నీతో మామూలుగా ఉండలేకపోతున్నాను. అందుకే చెబుతున్నాను."

ఆ మాటల్లో ఉన్నదేమిటో చూడండి. ఫలానా నెల, ఫలానా సంగతి అని ఉంది. "నువ్వెప్పుడూ ఇంతే" అన్న మాట లేదు. నువ్వు స్వార్థపరుడివి, నీకు మనుషులక్కర్లేదు అన్న తీర్పు లేదు. తను ఎదురుచూశానని ఒప్పుకున్నాడు. మగవాళ్లకు, అందులోనూ నలభైలు దాటినవాళ్లకు, అదే అన్నిటికన్నా కష్టమైన భాగం. "నువ్వు చెయ్యలేదు" అన్నప్పుడు అవతలివాడు లెక్క అప్పగించాల్సినవాడవుతాడు. "నీ కోసం చూశాను" అన్నప్పుడు తను ఎంత ముఖ్యుడో అతనికి తెలుస్తుంది.

మొదటి జవాబు బాగా రాలేదు. సాధారణంగా రాదు కూడా. "నువ్వూ చెయ్యలేదుగా? నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నాను" అన్నాడు రూమ్మేట్. చాలా సంభాషణలు ఇక్కడే తగాదాలవుతాయి. "ఇబ్బందేంట్రా, నువ్వు కావాలనే..." అని మొదలుపెడితే ఇద్దరూ కోర్టులో వకీళ్లయిపోతారు. ఇతను "నిజమే, నేనూ చెయ్యలేదు" అని ఊరుకున్నాడు. మరో చుట్టు నడిచారు. అప్పుడు అసలు సంగతి వచ్చింది. జూన్‌లో రూమ్మేట్ ప్రాజెక్టులో కూడా జాబితా తయారవుతోందట, తన పేరు కూడా ఉంటుందని రోజూ భయపడ్డాడట. "నీకు చేస్తే మా కంపెనీలో ఏమైనా ఉందా అని అడుగుతావు, లేదని చెప్పడానికి నోరు రాదు. నెల దాటాక మరీ సిగ్గేసింది. గృహప్రవేశంలో నీ మొహం చూడలేక భోజనాల దగ్గరికి పోయాను."

ఈ జవాబు వచ్చినంత మాత్రాన జూన్ నుంచి పడ్డ బాధ చెరిగిపోదు. ఇతను చెరిగిపోయిందని అనలేదు కూడా. "పర్లేదురా, ఏం కాదు" అనేసే అలవాటు మనకు చాలా ఉంది. ఆ మాట తొందరపడి అంటే ఇంత కష్టపడి చెప్పింది వెనక్కి తీసుకున్నట్టే. "చెప్పావు, నాకిప్పుడు అర్థమైంది. అప్పుడు మాత్రం కష్టంగానే ఉండింది" అన్నాడు. రెండూ నిజాలే. ఆ తర్వాత టిఫినుకు వెళ్లారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు మాత్రమే ఇది వర్తిస్తుందని అనుకోకండి. కరోనా కాలంలో ప్రైవేటు బడుల టీచర్లు చాలామంది జీతాలు పోయి ఇళ్లలో కూర్చున్నారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. అదే స్టాఫ్‌రూమ్‌లో కలిసి క్యారియర్లు విప్పుకున్న స్నేహితురాలు ఆ రోజుల్లో ఒక్కసారీ పలకరించకపోతే, ఆ వెలితి ఈనాటికీ ఉన్న టీచరమ్మలు ఉన్నారు. అంత పాత సంగతికి ఫోన్ కన్నా చిన్న మెసేజ్ నయం, అవతలి మనిషికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇలా రాయొచ్చు: "స్కూలు మూసేసిన రోజుల్లో నువ్వు ఒక్కసారైనా ఫోన్ చేస్తావని చూశానే. అది నాలో ఉండిపోయింది. నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. నీ వైపు ఏం జరిగిందో నాకు తెలియదు. నీకు వీలున్నప్పుడు ఒకసారి మాట్లాడుకుందాం." రాశాక నీలం టిక్కులు పడ్డాయా అని చూస్తూ కూర్చోకండి. ఆ రోజే జవాబు రాకపోతే రెండో మెసేజ్ పెట్టకండి.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. అక్కడ ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఆలోపు కొత్త కంపెనీ వీసా దరఖాస్తు వెయ్యాలి, లేదా హోదా మార్చుకోవాలి, లేదా తిరుగు ప్రయాణం కట్టాలి. పిల్లల బడి, అద్దె ఇంటి ఒప్పందం, కారు అన్నీ ఆ గడువులోనే తేల్చుకోవాలి. ఆ రెండు నెలల్లో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పక్క వీధిలో ఉన్న స్నేహితుడు మాట్లాడకపోతే, ఇక్కడి ఆరు నెలల మౌనం కన్నా అది బరువుగా ఉంటుంది. అయినా ఆ గడువు నడుస్తుండగా ఈ మాట ఎత్తవద్దనే నా సలహా. అప్పుడు మీకు అతని రిఫరల్ అవసరం కావచ్చు. అవసరం ఉన్నప్పుడు చెప్పిన బాధ ఒత్తిడిలా వినిపిస్తుంది, అతను చేసిన సాయం కూడా అప్పు తీర్చినట్టు ఉంటుంది. సాయం కావాలంటే సాయమే అడగండి. బాధ సంగతి గడువు దాటాక చెప్పండి.

అందరికీ చెప్పాల్సిన పని కూడా లేదు. లిఫ్టులో పలకరించుకునే సహోద్యోగి మాట్లాడలేదని ఫోన్ చేసి చెబితే అతను బిత్తరపోతాడు. అతని కష్టానికి అర్ధరాత్రి మీరు వెళ్లారా, మీ కష్టానికి అతను వస్తాడని నమ్మారా అని అడిగి చూసుకోండి. అవునంటే చెప్పవలసిన మనిషే. ఆ నెలల్లో అతని ఇంట్లో ఏం జరిగిందో ముందుగా తెలుసుకోండి. వాళ్ల నాన్న ఐసీయూలో ఉన్నాడని ఇప్పుడు తెలిస్తే మీరు మొదట అడగాల్సింది వేరే ఉంటుంది.

చెప్పాక అతను నొచ్చుకుని దూరం కావచ్చు. "ఇంత చిన్నదానికా?" అని కొట్టిపారెయ్యవచ్చు. అలాంటప్పుడు మళ్లీ నచ్చజెప్పే ప్రయత్నం చెయ్యకండి. మీకు కావలసిన సమాధానం దొరికింది, ఇకపై ఆ స్నేహానికి ఎంత చోటివ్వాలో అది చెబుతుంది. బ్యాచ్ గ్రూపులో మాత్రం ఆ సంగతి ఎత్తవద్దు.

ఎప్పుడు చెప్పాలన్న సందేహం మిగిలిపోతుంది. కొత్త ఉద్యోగం వచ్చాక చెబుదామని ఆగేవాళ్లు చాలామంది. అప్పుడు అవతలివాడికి "నువ్వు లేకుండానే నిలబడ్డాను చూడు" అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. అతనితో మీకు పని లేని రోజు, మీ గొంతు వణకని రోజు వస్తే చాలు. చెప్పదలుచుకుంటే అతని ఇంటి నుంచి తర్వాతి శుభకార్యం పిలుపు అందకముందే చెప్పండి. ఆ కార్డు చేతిలో పట్టుకుని వెళ్దామా మానేద్దామా అని ఆలోచించే దశకు వచ్చారంటే, ఇప్పటికే చాలా ఆలస్యం చేసినట్టు.